పేరు డాప్లర్‌ది, తీర్పు నొక్కుడుది

మంచం మీద పడుకున్నావిడకు 54 ఏళ్లు. మూడు వారాల కిందట గర్భసంచి ఆపరేషన్ అయింది. నాలుగు రోజులుగా ఎడమ పిక్క బిగదీసుకుపోయి నొప్పి. టేపు పెట్టి కొలిస్తే కుడి పిక్క కంటే 4 సెంటీమీటర్లు లావుంది. వేలితో నొక్కితే పడిన గుంట అలాగే నిలిచిపోతోంది. కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమోనన్న అనుమానంతో ఫిజీషియన్ ‘కలర్ డాప్లర్’ రాసి నా దగ్గరికి పంపారు.

తల్లి పక్కనే నిలబడ్డ కూతురు మానిటర్ వైపే చూస్తోంది. నేను మోకాలి వెనక ప్రోబ్ ఆనించగానే తెర మీద ఒకదాని కింద ఒకటిగా రెండు నల్లటి గుండ్రాలు కనిపించాయి.

“గడ్డ ఏదండీ డాక్టరు గారూ? నాకంతా నల్లగానే ఉంది” అంది.

“నాకూ అంతేనమ్మా. ఇది చూస్తే తెలిసేది కాదు, నొక్కితే తెలిసేది” అన్నాను.

ఈ పరీక్షను మన దగ్గర అందరూ డాప్లర్ అనే అంటారు. ఎరుపు, నీలం రంగులు కనబడితే రక్తం పారుతోందని, కనబడకపోతే ఆగిపోయిందని జనం అనుకుంటారు. రంగులకూ పని ఉంది గానీ, గడ్డ ఉందా లేదా అని తేల్చేది మాత్రం రంగుల్లేని నలుపు తెలుపు బొమ్మే. ఆ బొమ్మలో సిరను అడ్డంగా కోసినట్టు చూస్తూ, పైనుంచి ప్రోబ్‌తో అదుముతాం. సిర పూర్తిగా మూసుకుంటే అక్కడ గడ్డ లేదు. మూసుకోకపోతే ఉంది. సూత్రం ఇంతే. కష్టమంతా ఆ ‘పూర్తిగా’ అన్న మాట దగ్గరే వస్తుంది.

నొక్కితే ఏమవుతుంది

పొలంలో మోటారు కట్టేయగానే చదునుగా అణిగిపోయే మెత్తటి పైపును చూసే ఉంటారు. సిర అలాంటిది. గోడ పలచన, లోపల ఒత్తిడి చాలా తక్కువ. పడుకున్న మనిషి తొడలో సిరను మూయడానికి గట్టి బలమేమీ అక్కర్లేదు. దాని పక్కనే ఉండే ధమని గోడ మందం. గుండె కొట్టిన ప్రతిసారీ లోపల ఒత్తిడి 120 దాకా లేస్తుంది కాబట్టి, సిరను మూసేసే ఒత్తిడికి ధమని చలించదు. గుండ్రంగా నిలబడి కొట్టుకుంటూనే ఉంటుంది.

అందుకే మామూలు కాలిలో ప్రోబ్ అదిమినప్పుడు, రెండు గుండ్రాల్లో ఒకటి కన్ను మూసినట్టు గీతగా మారి మాయమవుతుంది. రెండోది మిగులుతుంది. వదిలేయగానే మొదటిది మళ్లీ తెరుచుకుంటుంది. అదే మెత్తటి పైపులో బురద పేరుకుని ఉంటే, కాలితో తొక్కినా చదును కాదు కదా. సిరలో గడ్డ ఉన్నా అంతే. గోడలు ఒకదాన్నొకటి తాకలేవు.

గడ్డ నేరుగా కనిపించదా అని ఎవరికైనా అనుమానం వస్తుంది. అల్ట్రాసౌండ్‌లో ద్రవం నలుపు, గట్టి పదార్థం బూడిద రంగు, ఎముక తెలుపు. కానీ ఒకటి రెండు రోజుల కిందట కట్టిన గడ్డ పచ్చి జున్నులా మెత్తగా ఉంటుంది. శబ్ద తరంగాలకు దానికీ పారే రక్తానికీ పెద్ద తేడా తెలియదు. తెర మీద అది శుభ్రమైన నలుపుగానే కనబడవచ్చు. దీనికి తిరగబడ్డ మోసం కూడా ఉంది. రక్తం మందకొడిగా పారుతుంటే ఎర్రకణాలు దొంతరలుగా చేరి, సిర లోపల బూడిద రంగు పొగ తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. చూడ్డానికి గడ్డే. అదిమితే చక్కగా మూసుకుంటుంది.

ఈ చిన్న ఉపాయం ఎంత గట్టిదో 1989లో లెన్సింగ్, ఆయన సహచరులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో చూపించారు. అప్పటిదాకా ఖాయమైన పరీక్ష అంటే, పాదం మీది సిరలోకి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీయడమే. వాళ్లు 220 మందికి ఆ ఎక్స్‌రేతో పాటు ఈ నొక్కుడు పరీక్షా చేశారు. నొక్కింది రెండే చోట్ల: గజ్జలో, మోకాలి వెనక. తొడలో గానీ మోకాలి వెనక గానీ గడ్డ ఉన్న 66 మందిలో ఒక్కరు కూడా తప్పిపోలేదు. గడ్డ లేని 143 మందిలో ఒక్కరి విషయంలోనే పొరపాటు పడింది. మిగిలిన 11 మందికి గడ్డ పిక్కలో మాత్రమే ఉంది. వాళ్లలో దొరికింది నలుగురే. ఈ చివరి అంకె సంగతి మళ్లీ చెప్పుకుందాం.

గజ్జలో బిళ్ల

ఆవిడ కథకు వద్దాం. తల వైపు మంచం కొంచెం ఎత్తాం. అలా చేస్తే రక్తం కాళ్ల వైపు దిగి సిరలు నిండుగా ఉబ్బుతాయి. ఎడమ మోకాలు కాస్త వంచి, తొడను బయటికి తిప్పి ఉంచమన్నాం. ప్రోబ్ గజ్జలో అడ్డంగా పెట్టి, జెల్ రాసి మొదలుపెట్టాను.

గజ్జ దగ్గర సిర ధమనికి లోపలి పక్కన ఉంటుంది. అంటే రెండో తొడ వైపు. చర్మం కింద నుంచి వచ్చే పెద్ద పైసిర అక్కడే దానిలో కలుస్తుంది. మూడూ కలిసి ఒక ముఖం, దానికి రెండు చెవుల్లా కనబడతాయి. రేడియాలజీ విద్యార్థులకు దీన్ని మిక్కీమౌస్ బొమ్మ అని చెబుతాం. ముఖం లోపలి సిర, బయటి చెవి ధమని, లోపలి చెవి పైసిర. అదిమితే ముఖమూ లోపలి చెవీ మాయమై, బయటి చెవి ఒక్కటే మిగలాలి.

ఆవిడకు ముఖం మూసుకుంది. చెవీ మూసుకుంది. కానీ ఆ పక్కనే ఇంకో గుండ్రం, మధ్యలో తెల్లటి మచ్చతో, ఎంత అదిమినా కదల్లేదు. కొత్తవాళ్లు ఇక్కడే ‘నాన్ కంప్రెసిబుల్’ అని రాసి పడేస్తారు. నేను ప్రోబ్‌ను నెమ్మదిగా పైకి, తర్వాత కిందికి జరిపాను. ఆ గుండ్రం కొద్ది దూరంలోనే మొదలై కొద్ది దూరంలోనే ముగిసిపోయింది. సిర అయితే అలా ముగియదు. గొట్టం కాబట్టి ఎటు జరిపినా తెర మీద వెంట వస్తుంది. ఇది గజ్జలో కట్టిన బిళ్ల, అంటే లింఫ్ గ్రంథి. మధ్యలోని తెల్లమచ్చ దాని గుర్తు. పాదానికి పుండు పడినా, ఇన్‌ఫెక్షన్ వచ్చినా గజ్జల్లో బిళ్లలు కట్టడం మనకు తెలిసిందే. ఆవిడ మడమకు మానుతున్న పుండు ఉంది.

తెర మీద కనబడే ఏ గుండ్రాన్నయినా ముందు ‘నువ్వు సిరవేనా’ అని అడగాలి. దానికి రెండు సాక్ష్యాలు కావాలి. జరిపితే వెంట రావాలి, పక్కన జోడుగా ధమని ఉండాలి. ధమని జోడు లేని సిర చాలావరకు చర్మం కిందిదే, లోపలిది కాదు.

తొడ వెంట దిగుతూ

గజ్జ నుంచి తొడ లోపలి పక్కగా కిందికి దిగుతూ, సుమారు 2 సెంటీమీటర్లకోసారి ఆగి అదుముతాం. అదుముతూ జారిపోకూడదు. ప్రతిచోటా ఆగాలి, నొక్కాలి, వదలాలి, అప్పుడు జరగాలి. సిరను నిలువుగా చూస్తూ నొక్కితే ప్రోబ్ పక్కకు జారుతుంది. సిర తెర మీంచి తప్పుకుంటుంది. చూసేవాళ్లు అది మూసుకుందని భ్రమ పడతారు. అందుకే అడ్డంగా చూస్తూనే నొక్కాలన్నది ఈ పనిలో మొదటి నియమం.

ఎంత గట్టిగా నొక్కాలో చెప్పే కొలత కూడా తెర మీదే ఉంది. పక్కన ఉన్న ధమని కొద్దిగా నలిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చేదాకా నొక్కాలి. ధమని నలిగినా సిర మూసుకోలేదంటే అక్కడ అడ్డం ఉంది. ధమని గుండ్రంగానే ఉండి సిరా తెరుచుకునే ఉంటే, మన బలం చాల్లేదంతే. అలాంటి బొమ్మను చూసి గడ్డ ఉందని చెప్పకూడదు.

తొడ కింది భాగంలో, మోకాలికి పైన, సిర కండరాల మధ్య సొరంగం లాంటి దారిలో లోతుగా వెళ్తుంది. అక్కడ లావుపాటి తొడల్లో పైనుంచి ఎంత అదిమినా ఒత్తిడి అందదు. అప్పుడు రెండో చేతిని తొడ కిందికి పోనిచ్చి ప్రోబ్ వైపు ఎత్తి నొక్కుతాం. ‘మూసుకోలేదు’ అనిపించిన సిరలు చాలా ఈ రెండో చేయి పడగానే మూసుకుంటాయి.

తొడ సిర దగ్గర పేరులోనే ఒక ప్రమాదం ఉండేది. ఈ సిరను చాలాకాలం ‘సూపర్‌ఫిషియల్ ఫెమోరల్ వెయిన్’ అని పిలిచారు. పైపైన ఉండే సిర అన్న అర్థం వస్తుంది. నిజానికి అది లోపలి సిరే. రిపోర్టులో ఆ పేరు చూసి, పైసిరలో గడ్డే కదా అనుకుని మందు మొదలుపెట్టని డాక్టర్లుంటారని 1995లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన ఒక వ్యాసం హెచ్చరించింది. ఆ పేరును ప్రాణాంతకం కాగల తప్పుడు పేరు అంది. ఇప్పుడు ఫెమోరల్ వెయిన్ అనే రాయమంటారు. మీ పాత రిపోర్టులో ఆ పేరు కనిపిస్తే, అది లోపలి సిరేనని గుర్తుంచుకోండి.

తొడలో ఇంకో చిక్కు జంట సిరలు. కొందరికి ఒకే ధమనికి ఆ పక్కా ఈ పక్కా రెండు సిరలుంటాయి. ఇది అరుదేమీ కాదు. ఒకటి హాయిగా మూసుకుంటే చూసేవాళ్లు తృప్తిపడి ముందుకు జరుగుతారు. రెండోదానిలో గడ్డ అలాగే ఉండిపోతుంది. ఆవిడకు తొడలో ఒక్క సిరే ఉంది. అంతటా మూసుకుంది.

మోకాలి వెనక

ఇక మోకాలి వెనక గుంట. ఇక్కడ వెనక నుంచి చూస్తాం కాబట్టి సిరే చర్మానికి దగ్గర. తెర మీద పైన సిర, కింద ధమని. ఈ సిర ఎంత మెత్తనిదంటే, ప్రోబ్ బరువుకే మూసుకుపోతుంది. నొక్కకముందే నొక్కేసినట్టు అవుతుంది. అప్పుడు తెర మీద ఒక్క ధమనే కనబడి, దాన్నే సిర అనుకుని అదిమి, ‘అయ్యో మూసుకోవడం లేదే’ అని కంగారుపడినవాళ్లున్నారు. అందుకని ఇక్కడ ముందు పూవును తాకినట్టు ప్రోబ్ ఆనించి, రెండు గుండ్రాలూ ఉన్నాయని చూసుకున్నాకే అదమాలి.

ఆవిడకు రెండూ కనబడ్డాయి. కూతురు చూసినవి ఆ రెండే. పైనున్న సిర ధమని కంటే బాగా ఉబ్బి ఉంది, లోపల నలుపు. అదిమాను. కింద ధమని కొద్దిగా నలిగింది. పైనున్న గుండ్రం మాత్రం కాస్త ఆకారం మార్చుకుని, మెత్తటి రబ్బరు బంతిలా అలాగే నిలిచింది. చేయి వదిలి, కోణం సరిచేసి, ప్రోబ్‌ను చర్మానికి నిటారుగా పెట్టి మళ్లీ ఒకసారి అదిమాను. మూసుకోలేదు.

ఇది గడ్డ. ఉబ్బి ఉండడం, కొంచెం వంగేంత మెత్తగా ఉండడం అది కొత్తదని చెబుతాయి. అది మోకాలి వెనక వచ్చే నీటి సంచి కాదని కూడా చూసుకోవాలి. బేకర్ సిస్ట్ అనే ఆ సంచి కూడా నల్లగానే ఉంటుంది. పిక్క వాపూ నొప్పీ తెస్తుంది. కానీ అది కీలు వైపు సన్నటి మెడతో వెళ్తుంది, సిరలా పైకీ కిందికీ సాగదు. ఆవిడ గుండ్రం పైకి జరిపితే 5 సెంటీమీటర్ల దాకా వెంట వచ్చి, అక్కడ మూసుకునే మామూలు సిరగా మారింది.

అప్పుడు రంగు పెట్టాను. సిర గోడ అంచున సన్నటి నీలం చార తప్ప మధ్యలో ఏమీ పారడం లేదు. రంగు ఇక్కడ తీర్పుకు తోడు సాక్షి. కానీ మిషన్‌లో రంగు ఎక్కువ పెంచితే, అది నీళ్లలో పడ్డ సిరాలా పొంగి, గోడకు అంటుకున్న చిన్న గడ్డను కప్పేస్తుంది. అందుకే ముందు నొక్కడం, తర్వాతే రంగు.

గడ్డ ఖాయమయ్యాక అదే చోట మళ్లీ మళ్లీ నొక్కకూడదు. పై కొస గోడకు అంటకుండా తేలుతూ ఉండవచ్చు. అది తెగి ఊపిరితిత్తులకు చేరితేనే అసలు ముప్పు.

“నల్లగా ఉన్నదే గడ్డా?” అంది కూతురు నమ్మలేనట్టు. గజ్జలో తెల్లమచ్చతో భయపెట్టింది గడ్డ కాదు. ఇక్కడ శుభ్రంగా కనబడింది గడ్డ.

మూసుకుంది, అయినా

ఆవిడకు గడ్డ దొరికింది కాబట్టి దారి స్పష్టం. దొరక్కపోతే? ఇక్కడే 1989 నాటి ఆ చివరి అంకె గుర్తుకు రావాలి. గజ్జలో, మోకాలి వెనక మాత్రమే చూసే పరీక్ష పిక్కలోని గడ్డను వదిలేస్తుంది. పిక్కలో మూడు జతల సన్నటి సిరలు, కండరాల లోపల మరికొన్ని ఉంటాయి. వాపున్న కాలిలో అన్నీ చూడటం ఓపికతో కూడిన పని. పిక్కలో గడ్డలు చాలావరకు అక్కడే కరిగిపోతాయి. కొన్ని మాత్రం కొద్ది రోజుల్లో మోకాలి పైకి పాకుతాయి.

అందుకే పైభాగం మాత్రమే చూసి బాగుందన్నప్పుడు, అనుమానం బలంగా ఉంటే 5 నుంచి 7 రోజుల్లో మళ్లీ పరీక్ష చేయాలి. పాకేదైతే అప్పటికి దొరుకుతుంది. తొడ నుంచి చీలమండ దాకా మొత్తం చూసిన పరీక్ష బాగుంటే సాధారణంగా రెండోసారి అక్కర్లేదు. రిపోర్టు చేతికొచ్చినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: పిక్క కూడా చూశారా?

అనుమానం బలమా కాదా అన్నది డాక్టరు ముందే లెక్కవేస్తారు. వెల్స్ స్కోరు అనే ఆ లెక్కలో ఈమధ్యే పెద్ద ఆపరేషన్ కావడం, పిక్క 3 సెంటీమీటర్లకు మించి లావెక్కడం, గుంట పడే వాపు, లోపలి సిర దారిలో నొప్పి వంటివాటికి ఒక్కో మార్కు. రెండో అంతకు మించో వస్తే అనుమానం బలమైనదే. ఈవిడకు నాలుగు వచ్చాయి. ఇలాంటివాళ్లకు మోకాలి పైన అంతా బాగుందని తేలినా, అక్కడితో వదిలేయకూడదు.

నొక్కలేని చోటు కూడా ఒకటుంది: పొత్తికడుపు. గజ్జ దాటి పైకి వెళ్లాక సిర ఎముకల గిన్నెలోకి దిగిపోతుంది. అక్కడ అదమడానికి వెనక ఆసరా లేదు. గర్భిణులకు గడ్డ తరచు అక్కడే, అదీ ఎడమ పక్కే కడుతుంది. అలాంటప్పుడు డాప్లర్‌కు నిజంగా పని పడుతుంది. మామూలుగా గజ్జ సిరలో రక్తం ఊపిరితో పాటు హెచ్చుతూ తగ్గుతూ పారుతుంది. ఒక కాలిలో ఆ లయ ఉండి, రెండో కాలిలో ఒకే తీరుగా బద్ధకంగా పారుతుంటే, పైన ఎక్కడో అడ్డం ఉందని అనుమానించాలి. దాన్ని తేల్చడానికి ఎంఆర్ గానీ సీటీ గానీ కావాలి.

పాత గడ్డ, మిగిలిన మచ్చ

ఆవిడకు గడ్డ పెరగకుండా ఆపే మాత్రలు మూడు నెలలు ఇచ్చారు. వాటిని జనం ‘రక్తం పలచబడే మందు’ అంటారు. నిజానికి అవి రక్తాన్ని పలచన చేయవు, ఉన్న గడ్డను కరిగించవు. కొత్తగా కట్టకుండా చూస్తాయి. కరిగించుకునే పని శరీరానిదే. ఆ పని చాలామందిలో పూర్తికాదు. గోడకు పీచులాంటి మచ్చ మిగిలిపోతుంది.

మాత్రలు ఆపే ముందు ఆవిడకు మళ్లీ స్కాన్ చేశాను. మోకాలి వెనక సిర సన్నబడింది, గోడ మందమైంది. గట్టిగా అదిమినా గోడల మధ్య 3 మిల్లీమీటర్లు మిగిలాయి. ఇది ఇక గడ్డ కాదు, దాని మచ్చ. ఇలాంటిదాన్ని ‘పాత గడ్డ’ అని కూడా రాయవద్దనీ, గడ్డ తర్వాతి మార్పు అని రాయమనీ 2018లో అమెరికాలోని రేడియాలజిస్టుల బృందం ఒకటి సూచించింది. గడ్డ అన్న మాట కనబడితే చాలు, ఎవరో ఒకరు అనవసరంగా మందు మొదలుపెడతారని వాళ్ల భయం. నేను రిపోర్టులో ఆ 3 మిల్లీమీటర్ల అంకె వేసి, “ఈ కాగితం పారేయకండమ్మా” అని ఇచ్చాను.

ఏడాది దాటాక ఒక పెళ్లికి రాత్రంతా బస్సులో వెళ్లొచ్చాక ఆవిడ కాలు మళ్లీ వాచింది. దగ్గర్లో చేసిన స్కాన్‌లో ‘మోకాలి వెనక సిర మూసుకోవడం లేదు, గడ్డ ఉంది’ అని రాశారు. కళ్లముందున్న బొమ్మ వరకు వాళ్లు రాసింది తప్పు కాదు. సిర నిజంగానే మూసుకోవడం లేదు. మళ్లీ నా దగ్గరికి వచ్చినప్పుడు కూతురు ఏమీ మాట్లాడకుండా ప్లాస్టిక్ కవరులోంచి పాత కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

అదే చోట, అదే ఒత్తిడితో కొలిచాను. 3.2 మిల్లీమీటర్లు. కొత్త గడ్డ అనడానికి పాత కొలత మీద 4 మిల్లీమీటర్లో ఆపైనో పెరగాలి. 2 లోపు తేడా చేతి తేడాయే. మధ్యలో పడితే వారం తర్వాత మళ్లీ చూడాలి. వేరే చోట గడ్డ లేదని తొడ, పిక్క కూడా అంతా నొక్కి చూశాను. వారానికి మళ్లీ పిలిచి కొలిస్తే అంకె మారలేదు. పాత మచ్చున్న కాలు, రాత్రంతా వేలాడదీసి కూర్చున్నందుకు వాచిందంతే. ఆవిడకు మాత్రలు మళ్లీ మొదలుపెట్టలేదు.

“ఈసారి నేనూ చూశానండీ, మూసుకోలేదు గదా” అంది కూతురు.

“మూసుకోలేదమ్మా. అయితే పోయినసారి మూసుకోనంతే మూసుకోలేదు” అన్నాను. కొత్త కాగితం మీద 3.2 అని రాసి, పాతదానితో కలిపి ఆ కవరులోనే పెట్టించాను.